1122 ఎలా వచ్చింది: పదో తరగతి అంకశ్రేఢి పాఠంలో ఒక కేస్ స్టడీ

మాది ఊరి బడి. పదో తరగతిలో ఆ ఏడాది 34 మంది పిల్లలు. శ్రేఢుల పాఠం మొదలుపెట్టే రోజు నేను పుస్తకం తెరవలేదు. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యలన్నీ కూడితే ఎంత వస్తుందో పది నిమిషాల్లో రాయమన్నాను. జవాబు ఒక్కటే కాకుండా, చేసిన రఫ్ పని కూడా అదే కాగితం మీద ఉండాలన్నాను. ఈ షరతు పెట్టకపోయి ఉంటే ఇప్పుడు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

సగం మందికి పైగా 5050 అని రాశారు. వాళ్లలో చాలామంది ట్యూషన్‌లో ముందే విన్నవాళ్లే. కాగితం మీద 50 × 101 అని ఒక్క గీత, కింద జవాబు, అంతే. మిగతావాళ్ల తప్పులు మాత్రం నాలుగు రకాలకు మించలేదు. ఏ తప్పు జవాబుకు ఏది కారణమో అంకె చూస్తూనే చెప్పేయొచ్చు.

550 రాసినవాళ్లు 1 నుంచి 10 వరకు కూడి 55 తెచ్చుకుని, ఇలాంటి పదులు పది ఉన్నాయి కదా అని పదితో గుణించారు. 11 నుంచి 20 వరకు కూడితే 55 కాదు, 155 అని వాళ్లు చూసుకోలేదు. 10100 రాసినవాళ్లు 1+100, 2+99 అంటూ జతలు బాగానే కట్టారు. కానీ వంద సంఖ్యలున్నాయి కాబట్టి వంద జతలన్నారు. అంటే 1+100 ఒకసారి, 100+1 మళ్లీ ఒకసారి లెక్కలోకి వచ్చాయి. 5000 వాళ్ల దారి వేరు. 101 కంటే 100 సులువని 0+100, 1+99 అంటూ 49+51 దాకా యాభై జతలు కట్టారు, మధ్యలో ఒంటరిగా మిగిలిన 50ని వదిలేశారు. 4950 రాసినవాళ్లు ఆ 50ని పట్టుకున్నారు గానీ 0 రాయకుండా 1+99తో మొదలుపెట్టారు, అందుకని చివరి 100 బయటే ఉండిపోయింది.

ఒక్క పిల్లాడు మాత్రం 550 వాళ్ల దారిలోనే మొదలుపెట్టి సరిగ్గా చేరాడు. మొదటి పది సంఖ్యలకు 55, తర్వాతి పదికి 155, ఆ తర్వాత 255, అలా 955 దాకా కింద కింద రాసి కూడాడు. ఆ పది సంఖ్యలూ కూడా 100 పదాంతరం ఉన్న అంకశ్రేఢే అని వాడికి తెలియదు. 55, 955 కలిపితే 1010. అలాంటి జతలు ఐదు. అదే 5050. వాడి కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పుకోవాలి. పిల్లలకు హుషారు వస్తుందని గౌస్ కథ చెప్పాను. 1777లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టిన పిల్లాడు, బ్యూట్నర్ అనే మాస్టారు లెక్క ఇవ్వగానే పలక మీద ఒకే ఒక్క సంఖ్య రాసి బల్ల మీద పెట్టేశాడనే కథ. ఈ కథకు ఆధారం గౌస్ చనిపోయిన మరుసటి ఏడాది, 1856లో, ఆయన స్నేహితుడు సార్టోరియస్ రాసిన జీవిత చరిత్ర. మాస్టారు ఒక అంకశ్రేఢిని కూడమన్నారని మాత్రమే అందులో ఉంది, 1 నుంచి 100 అని లేదు. ఆ వంద తర్వాత చెప్పుకున్నవాళ్లు చేర్చింది. ఆ సంగతి అప్పటికే నాకు తెలుసు. అయినా వందతోనే చెప్పాను, ఎందుకంటే కథ అలాగే బాగుంటుంది. దాని ఫలితం మర్నాడు కనిపించింది.

మర్నాడు ఇచ్చిన లెక్క ఇది: 7, 11, 15, ... ఇలా 95 వరకు ఉన్న సంఖ్యల మొత్తం ఎంత? ఇద్దరు 5100 అని రాశారు. మొదటిది 7, చివరిది 95, కలిపితే 102. దాన్ని 50తో గుణించారు. యాభై ఎక్కడిదని అడిగితే, "నిన్న మీరే చెప్పారు కదా సార్, యాభై జతలని" అన్నారు. నా కథలోంచి వాళ్లు నేర్చుకున్నది జత కట్టడం కాదు, 50 అనే అంకెని.

సరైన జవాబు 1173. పది మందికి పైగా రాసినది 1122. తేడా 51. శ్రేఢిని పూర్తిగా రాసి చూస్తే 51 సరిగ్గా మధ్యలో ఉంటుంది. అటు 7 నుంచి 47 వరకు 11 పదాలు, ఇటు 55 నుంచి 95 వరకు 11 పదాలు, నడుమ 51. ఇంకేముంది, మధ్య పదాన్ని మర్చిపోయారని తేల్చేశాను. 5000 రాసినవాళ్ల జబ్బే ఇదీ అనుకుని, ఒక పీరియడ్ మొత్తం మధ్య పదం గురించే చెప్పాను. పదాల సంఖ్య బేసి అయితే ఒకటి మిగులుతుంది, దాన్ని విడిగా కలపాలి అని. మూడో రోజు ఇంకో లెక్క ఇచ్చాను. నిన్న 1122 రాసినవాళ్లలో సగం మంది మళ్లీ తప్పే చేశారు.

అప్పుడు పాత కాగితాలు మళ్లీ బయటకు తీశాను. ముందు బెంచీ అమ్మాయి కాగితం మీద ఇలా ఉంది: 95లోంచి 7 తీసేస్తే 88, దాన్ని 4తో భాగిస్తే 22, అందులో సగం 11, పదకొండు 102లు 1122. ఎక్కడా మధ్య పదం ప్రస్తావనే లేదు. ఆమె దృష్టిలో శ్రేఢిలో ఉన్నవి 22 పదాలు. 22 సరి సంఖ్య. ఏదీ మిగలదు. కాబట్టి నేను ముందు రోజు పీరియడ్ అంతా చెప్పింది ఆ అమ్మాయికి అసలు సంబంధించినదే కాదు.

కిటికీ పక్కన కూర్చునే కుర్రాడి కాగితం ఇంకోలా ఉంది. వాడు పదాలన్నీ ఓపిగ్గా వరసగా రాసి, 7ని 95తో, 11ని 91తో గీతలు గీసి కలుపుకుంటూ 47, 55 దాకా వచ్చాడు. పదకొండు గీతలు. నడుమ 51కి ఏ గీతా లేదు. పదకొండు 102లు 1122 అని రాసి ఊరుకున్నాడు. జబ్బు అంటే ఇదీ. నేను వైద్యం చేసింది ఈ కుర్రాడికి.

రెండు తప్పులకూ ఒకటే అంకె రావడం యాదృచ్ఛికం కాదు. పదాల సంఖ్య బేసి అయినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. 23 పదాల్లో మధ్యది వదిలేస్తే మిగిలేది 11 జతలు. పదాలనే ఒకటి తక్కువగా, అంటే 22 అని, లెక్కపెట్టినా 11 జతలే. జత విలువ రెండు చోట్లా 102. అందుకని జవాబు మాత్రమే దిద్దే మాస్టారికి ఈ ఇద్దరూ ఒకే పొరపాటు చేసినట్టు కనిపిస్తారు.

వాళ్లను విడదీయాలంటే పదాల సంఖ్య సరి సంఖ్య అయ్యే లెక్క ఇవ్వాలి. అదే శ్రేఢిని ఇంకొక్క పదం పొడిగించి, 7 నుంచి 99 వరకు అడిగాను. ఇప్పుడు 24 పదాలు, 12 జతలు, జత విలువ 106, మొత్తం 1272. మధ్య పదాన్ని వదిలేసే కుర్రాడికి ఇక్కడ వదలడానికి ఏమీ లేదు కాబట్టి వాడి జవాబు సరిగ్గా వచ్చింది. ముందు బెంచీ అమ్మాయికి 92ని 4తో భాగిస్తే 23 వచ్చింది. అందులో సగం పదకొండున్నర కాబట్టి కాసేపు ఆగి, పోయినసారి చెప్పిన పాఠం గుర్తు తెచ్చుకుని, పదకొండు జతలూ ఒక మధ్య పదమూ అని మొదలుపెట్టింది. మధ్య పదం కోసం వెతికితే అది దొరకదు. 51, 55 రెండూ మధ్యలోనే ఉంటాయి. చివరికి 23లో సగాన్ని 106తో గుణించి 1219 అని రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. తను చేసిందేదో తేడాగా ఉందని తనకే తెలిసింది.

ఆ అమ్మాయిని పిలిచి అడిగాను.

"ఇరవై మూడు పదాలున్నాయని ఎలా తెలిసిందమ్మా?"

"92ని నాలుగుతో భాగించాను సార్. మొదటి దాని నుంచి చివరి దాకా 92 దూరం. ఒక్కో పదానికి నాలుగు."

"రాసి లెక్కపెట్టావా?"

"అంత పొడవుంది కదా సార్."

ఆమె మాటలోనే తప్పు ఉంది. నాలుగు అనేది పదానిది కాదు, రెండు పదాల నడుమ ఉన్న దూరానిది. 23 అనేది గెంతుల లెక్క. గెంతులు 23 అయితే కాలు మోపిన చోట్లు 24, ఎందుకంటే మొదటి గెంతు వేయకముందే 7 మీద నిలబడి ఉన్నాం. ఇది చెప్పాను. తల ఊపింది గానీ ముఖంలో నమ్మకం కనిపించలేదు. 1 కలపమని సూత్రం చెప్తే కలుపుతుంది. కానీ ఎప్పుడు కలపాలో ఎప్పుడు వద్దో తెలియకుండానే కలుపుతుంది.

సంక్రాంతి దగ్గర్లో ఉంది. ముగ్గులు వేస్తావా అని అడిగాను. వేస్తానంది. పదిహేను చుక్కల ముగ్గు, సందు చుక్క ఎనిమిది దాకా. నేల మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టమన్నాను. ముగ్గు వేసేవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మధ్య వరసలో 15 చుక్కలు, దాని పైన సందుల్లో 14, దాని పైన 13, అలా 8 వచ్చేదాకా. కింది వైపు కూడా అంతే.

"పదిహేను వరస నుంచి ఎనిమిది వరస దాకా పైకి ఎన్ని వరసలు పెట్టావు?"

వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఎనిమిది సార్."

"పదిహేనులోంచి ఎనిమిది తీస్తే?"

"ఏడు." ఆగింది. తర్వాత తనే అంది, "ఏడుసార్లు తగ్గాయి సార్. వరసలు ఎనిమిది. మొదటి వరస తగ్గకుండానే ఉంది కదా."

నేను ఇక ఏమీ చెప్పలేదు. ఆ ముగ్గులో మొత్తం ఎన్ని చుక్కలో కనుక్కోమని మాత్రం అన్నాను. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. మధ్య వరసను రెండుసార్లు లెక్కపెట్టకూడదు. కాబట్టి పైన 14 నుంచి 8 వరకు, కింద కూడా 14 నుంచి 8 వరకు, నడుమ 15. ఆమె 14లోంచి 8 తీసి 6, ఒకటి కలిపి 7 వరసలంది. 14, 8 కలిపితే 22. ఏడు వరసలకు మూడున్నర జతలు, 77. రెండు వైపులా 154, మధ్య 15 కలిపి 169. తర్వాత నమ్మకం కుదరక చుక్కలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. 169 వచ్చింది.

కుర్రాడి సంగతి వేరు. వాడికి లెక్కపెట్టడంలో ఇబ్బంది లేదు, పదాలన్నీ రాసే ఓపిక ఉంది. వాడి ఇబ్బందల్లా జత లేని పదాన్ని ఏం చేయాలో తెలియకపోవడం. మధ్య పదాన్ని విడిగా కలుపుకోమని చెప్పడం కంటే, జత లేని పదమే లేకుండా చేయడం మేలనిపించింది. మొత్తాన్ని S అనుకుని, శ్రేఢిని ఒకసారి ముందు నుంచి, దాని కిందే ఇంకోసారి వెనక నుంచి రాయించాను.

```
S  =   7 +  11 +  15 + ... +  91 +  95
S  =  95 +  91 +  87 + ... +  11 +   7
2S = 102 + 102 + 102 + ... + 102 + 102
```

పై వరసలో ఒక్కో అడుగుకు 4 పెరుగుతుంది, కింది వరసలో అదే అడుగుకు 4 తగ్గుతుంది. అందుకని ప్రతి నిలువులోనూ 102 కదలకుండా ఉంటుంది. నిలువులు ఎన్ని అంటే పదాలు ఎన్నో అన్ని, 23. మొత్తం 2346, అందులో సగం 1173. నడుమ నిలువులో ఏముందో చూడమన్నాను. 51 కింద 51. "తనకి తనే జత సార్" అన్నాడు.

గుర్తుందా, మొదటి రోజు 10100 రాసినవాళ్లు చేసింది కూడా దాదాపు ఇదే. ప్రతి జతనూ రెండుసార్లు లెక్కపెట్టారు. చివర సగం చేసి ఉంటే వాళ్లదే అన్నిటికన్నా మంచి పద్ధతి అయ్యేది. సరి, బేసి అనే గొడవే ఉండేది కాదు. నాలుగు తప్పుల్లోనూ ఒప్పుకు అతి దగ్గరగా వచ్చినది, అంకె చూస్తే అన్నిటికంటే దూరంగా ఉన్న 10100. దాన్ని నేను మొదటి రోజు ఎర్ర సిరాతో కొట్టేశాను.

మర్నాడు ఆ కుర్రాడే ఒక ప్రశ్న తెచ్చాడు. పుస్తకంలో సూత్రం చూశాడట: పదాల సంఖ్యలో సగాన్ని, మొదటి చివరి పదాల మొత్తంతో గుణించాలి, `S = n/2 × (a + l)`. "n 23 అయితే పదకొండున్నర జతలు సార్. అర జత ఉంటుందా?"

ఉంటుంది. జత విలువ 102 అయితే అర జత విలువ 51. అదే మధ్య పదం. పదకొండున్నర 102లు అంటే పదకొండు జతలూ 51 అన్నమాట. వాడు వదిలేసిన 51 ఆ అరలోనే దాక్కుని ఉంది. 499లో ఆర్యభటుడు రాసిన ఆర్యభటీయంలో, గణితపాదం పందొమ్మిదో శ్లోకం చివర ఈ సూత్రమే ఉంది: "అథవాద్యన్తం పదార్ధహతమ్". ఆది, అంత్యాలను కలిపి పదార్ధంతో గుణించు అని. ఇక్కడ పదార్ధం అంటే వంటకు వాడే పదార్థం కాదు, పదాల్లో అర్ధం, సగం. బోర్డు మీద ఒత్తు మార్చి రెండూ పక్కపక్కన రాస్తే పిల్లలు నవ్వారు. కానీ ఆ మాట తర్వాత ఎవరూ మర్చిపోలేదు. అదే శ్లోకం మొదటి భాగంలో ఇంకో దారి ఉంది. ముందు మధ్యమాన్ని కనుక్కుని దాన్ని పదాల సంఖ్యతో గుణించడం. మన లెక్కలో 51ని 23తో గుణిస్తే అదే 1173. వదిలేసిన ఆ ఒక్క పదంతోనే లెక్క మొత్తం తేలిపోతుంది.

ఇంత చేశాక వారం చివర స్లిప్ టెస్ట్ పెట్టాను. మూడు లెక్కలు.

మొదటిది పదాలు బేసిగా ఉన్నది, రెండోది సరిగా ఉన్నది. ముందు బెంచీ అమ్మాయికీ కిటికీ కుర్రాడికీ రెండూ ఒప్పే. ఆమె కాగితం అంచున చిన్నగా గెంతులు, వరసలు అని రెండు మాటలు రాసుకుంది.

మూడోది నేను కావాలని మార్చినది: 7, 11, 15, ... ఈ శ్రేఢిలో 100 దాటని పదాల మొత్తం ఎంత? ఇక్కడ కొత్త తప్పు వచ్చింది. ఏడుగురు చివరి పదం 100 అనుకున్నారు. 7, 100 కలిపి 107 అన్నారు. 100 నుంచి 4 తగ్గించుకుంటూ వెనక్కి వస్తే 96, 92 వస్తాయి. 11, 96 కలిపినా 107, 15, 92 కలిపినా 107. జతలన్నీ చక్కగా కుదిరాయి. అందుకని వాళ్లకు అనుమానమే రాలేదు. కానీ 96 గానీ 92 గానీ ఆ శ్రేఢిలో లేనే లేవు. పై వరస ఒక శ్రేఢి, కింది వరస ఇంకో శ్రేఢి.

దీన్ని పట్టుకోవడానికి రెండు గుర్తులున్నాయి. 100లోంచి 7 తీస్తే 93. 4తో భాగిస్తే 1 మిగులుతుంది. శేషం మిగిలిందంటే చివరి సంఖ్య శ్రేఢిలోది కాదు, ఆ మిగిలిన 1ని తీసేస్తే అసలు చివరి పదం 99. ఒకతను ఇక్కడ ఆగకుండా 23¼కి 1 కలిపి 24¼ పదాలని రాశాడు. అర జత ఉండొచ్చు గానీ పావు పదం ఉండదు. రెండో గుర్తు ఇంకా తేలిక: 7, 11, 15లను 4తో భాగిస్తే ప్రతిసారీ 3 మిగులుతుంది, శ్రేఢిలో ప్రతి పదానికీ అంతే. 100కి ఏమీ మిగలదు.

టెస్ట్ అయ్యాక ఒక అమ్మాయి 1, 4, 9 అంటూ 100 వరకు వర్గాలను కూడా ఇలాగే జత కట్టొచ్చా అని అడిగింది. పది పదాలు, 1+100 అంటే 101, ఐదు జతలు, 505 అని రాసుకొచ్చింది. రెండో జత కూడి చూడమన్నాను. 4, 81 కలిపితే 85. అక్కడే ఆగిపోయింది. ఒక్కొక్కటే కూడితే అసలు మొత్తం 385. పదాంతరం మారిపోతుంటే ఒకవైపు పెరిగినంత రెండోవైపు తగ్గదు కాబట్టి జత విలువ నిలవదు. రెండో జత చూసుకునే అలవాటుంటే ఈ తప్పు దొరుకుతుంది. 107 రాసిన ఏడుగురికి మాత్రం ఆ పరీక్ష పనికిరాదు, వాళ్ల రెండో జత కూడా 107 కదా. వాళ్లకు శేషమే చూపించాలి. ఏడుగురిలో ఐదుగురు పట్టుకున్నారు. ఇద్దరికి వచ్చే వారం ముగ్గు కాకుండా ఇంకేదైనా వెతకాలి. ముగ్గులో చివరి వరస ఎప్పుడూ చెప్పిన సంఖ్యే అవుతుంది, ఈ మెలిక అందులో రాదు.